లెక్కలో 2 మిల్లీమీటర్లు, సైటులో 15: ఒక కన్వేయర్ ట్రస్సు కేసు

నేపథ్యం

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు కొదవ లేదు. అందులో ఒక మిల్లు ఈ కేసు. ఎవరిదో తెలియకుండా ఉండేందుకు ఊరి పేరు, కొన్ని వివరాలు వదిలేశాను. ట్రస్సు కొలతలు మాత్రం లెక్కకు అవసరమైనంత వరకు ఉంచాను.

ధాన్యం శుభ్రం చేసే షెడ్డు నుంచి బాయిలింగ్ సెక్షన్‌కు వడ్లు మోసే బెల్టు కన్వేయర్ గ్యాలరీ అది. రెండు పక్కలా ఒకేలాంటి రెండు స్టీలు ట్రస్సులున్నాయి. ఒక్కోటి 12 మీటర్ల స్పాన్, ఎత్తు 2.25 మీటర్లు, 3 మీటర్ల చొప్పున నాలుగు ప్యానెళ్లు. బెల్టు, నడకదారి, రేకుల బరువంతా అడ్డ దూలాల ద్వారా, ట్రస్సు అడుగున పొడవునా ఉండే కింది కార్డు మీదున్న మూడు జాయింట్లకు చేరుతుంది. ఆ మూడింటిని ఇక్కడ నడిమి జాయింటు, రెండు పావు జాయింట్లు అంటాను. చివరల్లో ఏటవాలు మెంబర్లు, లోపల నడిమి జాయింటు వైపు దిగే రెండు డయాగొనళ్లు, మూడు నిలువులు ఉన్నాయి. మెంబర్లు పదమూడు, జాయింట్లు ఎనిమిది. ఒక చివర సపోర్టులో రంధ్రాలు పొడుగుగా ఉండి ట్రస్సు జరిగే వీలుంది. ఆ వీలు నిజంగానే ఉందని, తుప్పు పట్టి బిగుసుకోలేదని ముందే చూసుకున్నాను. అది బిగుసుకుంటే మెంబరు ఫోర్సులు మారిపోతాయి, కింద వేసిన లెక్క ఏదీ నిలవదు.

కొత్త గ్యాలరీ కాబట్టి అన్నీ సైటులో బోల్టు చేసిన జాయింట్లే. 18 మి.మీ. రంధ్రాల్లో 16 మి.మీ. మామూలు బోల్టులు. ట్రస్సును నేల మీద పడుకోబెట్టి అమర్చారు. నట్లు చేత్తో తిప్పి వదిలి, క్రేన్‌తో ఎత్తి కూర్చోబెట్టాక పైన స్పానర్‌తో బిగించారు. ఈ చివరి వివరం మొదట ఎవరూ చెప్పలేదు. మేస్త్రీని ‘ఎట్ల లేపిన్రు’ అని అడిగితే బయటికొచ్చింది.

సమస్య

బెల్టు ఒక పక్కకు పోతోందని కన్వేయర్ ఫిట్టర్ చెప్పడంతో లెవెల్ పట్టి చూశారు. సపోర్టు జాయింట్లను కలిపే గీత కన్నా నడిమి జాయింటు 15 మి.మీ. కిందికి ఉంది. 12 మీటర్లకు 15 మి.మీ. అంటే 800లో ఒక వంతు. కంటికి భయం పుట్టించే కుంగుబాటు కాదు. కానీ అప్పటికి బెల్టు మీద వడ్లు లేవు. ఉన్నదల్లా సొంత బరువు, యంత్రాల బరువు. నిలబెట్టినప్పుడు ఇంత లేదు, మిల్లు నడిచినకొద్దీ పెరిగింది. యజమాని భయం అదే.

‘ఖాళీగ ఉన్నప్పుడే గింత గుంజింది సార్, వడ్లు పోస్తే నిలుస్తదా?’

మొదట డిజైన్ చేసిన ఇంజనీరు షీటులో ఈ బరువుకు 2 మి.మీ. అని ఉంది.

నేను వెళ్లేలోపు జరిగినవి

మేస్త్రీ మొదట అన్ని నట్లూ గట్టిగా బిగించాడు. లెవెల్ రీడింగు మారలేదు. తరువాత ఒక ట్రస్సు కింది కార్డుకు అడుగున పొడవునా ఫ్లాట్లు వెల్డు చేశాడు. మధ్యలో కుంగితే కింది కార్డే సాగి ఉంటుందని అతని ఆలోచన. కార్డు ఏరియా దాదాపు రెట్టింపయింది. రీడింగు అప్పుడూ మారలేదు. రెండో ట్రస్సుకూ ఫ్లాట్లు తెప్పించి పెట్టుకున్నాక నన్ను పిలిచారు.

ఈ రెండు ప్రయత్నాలూ ఎందుకు ఫలించలేదో తెలిస్తే అసలు కారణం దొరికినట్టే. అందుకే కొత్త సర్వే మొదలుపెట్టకుండా ముందు లెక్క వేశాను.

లెక్క

యూనిట్ లోడ్ పద్ధతిలో రెండు ఫోర్సు వ్యవస్థలు ఉంటాయి. అసలు బరువుకు ప్రతి మెంబరులో వచ్చే ఫోర్సు N. అసలు బరువులన్నీ తీసేసి, కుంగుబాటు కావలసిన జాయింటు దగ్గర కిందికి 1 మాత్రమే పెడితే వచ్చే ఫోర్సు n. మొదటిది మెంబరు ఎంత పొడవు మారిందో చెబుతుంది. ఆ మార్పులో ఎంత వంతు ఆ జాయింటుకు చేరుతుందో రెండోది చెబుతుంది.

```
δ = Σ n·N·L / (A·E)
```

స్ట్రెయిన్ ఎనర్జీ దారిలో వెళ్లినా ఇదే వస్తుంది. ట్రస్సులో నిల్వ ఉన్న శక్తి U = Σ N²L/(2AE). జాయింటు దగ్గర Q అనే ఊహా బరువు చేర్చి, U ని Q తో డెరివేట్ చేసి, Q ని సున్నా చేస్తే మిగిలేది పై సూత్రమే. కాలేజీలో ఈ రెండింటినీ ఒకటిగానే చెబుతారు. అవి ఒకటి కాని చోటు కూడా ఉంది, అక్కడికి తరువాత వద్దాం.

రేకులు, బెల్టు, నడకదారి, ట్రస్సు బరువు అన్నీ కలిపి ఒక్కో కింది జాయింటుకు 9 కిలోన్యూటన్లు. పై కార్డు, చివరి ఏటవాలు మెంబర్లు జంట 75×75×6 యాంగిళ్లు. కింది కార్డు జంట 50×50×6. డయాగొనళ్లు, నిలువులు ఒంటి 50×50×6. ఫ్లాట్లు వేయని ట్రస్సుకు నడిమి జాయింటు లెక్క ఇది. టెన్షన్‌కు ప్లస్, కంప్రెషన్‌కు మైనస్.

| మెంబరు | ఎన్ని | N (kN) | n | L (mm) | A (mm²) | మొత్తం nNL/A |
|---|---|---|---|---|---|---|
| చివరి ఏటవాలు | 2 | −22.5 | −0.833 | 3750 | 1732 | 81.2 |
| కింది కార్డు | 4 | +18 | +0.667 | 3000 | 1136 | 126.8 |
| డయాగొనల్ | 2 | +7.5 | +0.833 | 3750 | 568 | 82.5 |
| పై కార్డు | 2 | −24 | −1.333 | 3000 | 1732 | 110.9 |
| పావు జాయింటు నిలువు | 2 | +9 | 0 | 2250 | 568 | 0 |
| నడిమి నిలువు | 1 | 0 | 0 | 2250 | 568 | 0 |

మొత్తం 401.3. దాన్ని E అంటే 200 kN/mm² తో భాగిస్తే 2.0 మి.మీ. డిజైన్ షీటులోని అంకె సరైనదే.

చివరి గడిని వరుసగా చూస్తే మేస్త్రీ ఫ్లాట్ల సంగతి అక్కడే తేలిపోతుంది. కింది కార్డు వంతు 126.8. ఏరియాను రెట్టింపు చేస్తే అది 63.4 అవుతుంది. కుంగుబాటులో తగ్గేది 0.3 మి.మీ. అదీ ఇకముందు పడే బరువుకే. బరువు మోస్తూ ఉన్న కార్డుకు ఫ్లాటు అతికిస్తే, అప్పటికే సాగినది వెనక్కి రాదు. కింది కార్డే దోషి అనుకోవడానికి ఈ ట్రస్సులో ఆధారం లేదు. నాలుగు రకాల మెంబర్లూ తలా కొంత పంచుకుంటున్నాయి.

మిగతా 13 మి.మీ. ఎక్కడివి

అనుమానాలను ఒక్కొక్కటిగా పరీక్షించాను. ప్రతిదానికీ ఆ పట్టికలోని n గడే పనికొచ్చింది.

యాంగిల్ పలచనిదా? కుంగుబాటు 2 నుంచి 15కు పోవాలంటే అన్ని మెంబర్ల ఏరియా ఏడున్నర వంతుల్లో ఒక వంతు కావాలి. అంటే 6 మి.మీ. మందం 0.8 మి.మీ.కి పడిపోవాలి. వెర్నియర్ పెట్టకముందే ఇది కాదని తెలుసు. పెట్టి చూశాను కూడా, మందం సరిగానే ఉంది. సపోర్టు కుంగిందా అంటే, 15 మి.మీ. సపోర్టులను కలిపే గీత నుంచి కొలిచినదే కాబట్టి ఆ ప్రశ్న లేదు.

ఎండ వల్లనేమో అని యజమాని అనుమానం. నల్లగొండ ఎండలు తెలిసినవాళ్లకు ఆ అనుమానం రావడం సహజం. ఇక్కడ N అక్కర్లేదు, బరువు వల్ల వచ్చే సాగుడు బదులు వేడి వల్ల వచ్చే αLΔT పెడితే చాలు. ట్రస్సు అంతా ఒకేలా వేడెక్కితే లెక్క Σ nL మీదికి వస్తుంది. ఏటవాలు మెంబర్లు −6.25, డయాగొనళ్లు +6.25, పై కార్డు −8, కింది కార్డు +8. మొత్తం సున్నా. ట్రస్సు పెద్దదవుతుంది కానీ కుంగదు. రేకు కింద పై కార్డు మాత్రమే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, ఒక్కో 3 మీటర్ల ముక్క 0.72 మి.మీ. పెరుగుతుంది. దాన్ని −1.333తో గుణించి రెండు ముక్కలకు కలిపితే −1.9 మి.మీ. అంటే నడిమి జాయింటు పైకి లేస్తుంది. ఎండ కుంగుబాటును దాచగలదు గానీ పెంచలేదు. ఈ లెక్క తరువాత రీడింగులన్నీ పొద్దున్నే, ఎండ ముదరకముందే తీయమన్నాను. లేకపోతే రెండు మిల్లీమీటర్ల తేడాల కోసం వెతుకుతున్నచోట ఎండే రెండు మిల్లీమీటర్లు కలిపేస్తుంది.

ఇక మిగిలింది బోల్టు రంధ్రాల వదులు. 16 మి.మీ. బోల్టుకు 18 మి.మీ. రంధ్రం IS 800 ఒప్పుకునేదే, అందులో తప్పేం లేదు. కానీ బోల్టు రంధ్రంలో జరిగి అంచుకు ఆనేదాకా ఆ జాయింటు బరువును రాపిడితో మాత్రమే ఆపుతుంది. చేతి బిగువు మీదున్న నట్టుకు, రెడ్ ఆక్సైడ్ పూసిన ముఖాలకు ఆ రాపిడి ఎంత ఉంటుంది? క్రేన్ వదిలిన క్షణంలోనే చాలా జాయింట్లు కొంత జరిగి ఉంటాయి. మిగతావి మిల్లు అదురుకు నెమ్మదిగా జరిగాయి. జరిగిపోయాక నట్టు ఎంత బిగించినా కొస వెనక్కి రాదు, మేస్త్రీ మొదటి ప్రయత్నం ఫలించనిది అందుకే.

జరగడం ఎప్పుడూ ఫోర్సు లాగే దిశలోనే ఉంటుంది. టెన్షన్ మెంబరు పొడుగవుతుంది, కంప్రెషన్ మెంబరు పొట్టిదవుతుంది. నడిమి జాయింటుకు ఈ ట్రస్సులో N, n రెండింటి గుర్తులూ ఒకటే. కాబట్టి ఏ జారుడూ మరోదాన్ని కొట్టేయదు, అన్నీ కూడుతాయి. ఒక్కో కొస s మిల్లీమీటర్లు జరిగిందనుకుందాం. యాంగిళ్లు 6 మీటర్ల పొడవుల్లో వచ్చాయి కాబట్టి పై కార్డు ఒకే ముక్క, కింది కార్డు నడిమి జాయింటు దగ్గర అతికిన రెండు ముక్కలు. జరిగే వీలున్న కొసలు లెక్కపెడితే:

```
end posts     4 ends × 0.833 = 3.33 s
diagonals     4 ends × 0.833 = 3.33 s
top chord     2 ends × 1.333 = 2.67 s
bottom chord  4 ends × 0.667 = 2.67 s
δ (slip)                     = 12.0 s
```

ఒక్కో కొస సగటున 1 మి.మీ. జరిగితే చాలు, మధ్యలో 12 మి.మీ. దిగుతుంది. కావలసిన 13కు s = 1.08. రంధ్రంలో ఉన్న వదులు 2. అంకె నమ్మదగిన పరిధిలోనే ఉంది.

రెండు దారులూ విడిపోయేది ఇక్కడే. ఈ బరువు కింద ట్రస్సులో నిల్వ ఉన్న స్ట్రెయిన్ ఎనర్జీ మొత్తం 22.5 జౌళ్లు. దాన్ని ఎలా డెరివేట్ చేసినా నడిమి జాయింటుకు 2.0 మి.మీ. మాత్రమే వస్తుంది. బోల్టు జారినప్పుడు ఖర్చయిన పని రాపిడిలో పోయింది, U లో దాని జాడ లేదు. యూనిట్ లోడ్‌కు మాత్రం ఆ అడ్డు లేదు. పొడవు ఎందుకు మారిందని అది అడగదు. δ = Σ n·ΔL అని రాసుకుంటే ΔL సాగుడు కావచ్చు, వేడి కావచ్చు, జారుడు కావచ్చు, పొట్టిగా కోసిన యాంగిల్ కూడా కావచ్చు. n లు బ్యాలెన్స్‌లో ఉండటం, మార్పులు చిన్నవిగా ఉండటం, ఈ రెండే షరతులు. NL/AE ని మొదటే సూత్రంలో కలిపి బట్టీ పట్టినవాళ్లకు ఈ సంగతి కనపడదు.

అనుమానం రుజువు చేయడం

తెలిసిన కుంగుబాటుకు సరిపోయేలా s ఎంచుకున్నాను కాబట్టి అది రుజువు కాదు. s ఎంచుకోవడానికి వాడని కొలత ఒకటి కావాలి. అందుకే పావు జాయింటుకు మళ్లీ యూనిట్ లోడ్ వేశాను. అక్కడ n లు మారిపోతాయి. నడిమి జాయింటు లెక్కలో సున్నాగా ఉన్న ఆ నిలువు ఇక్కడ పూర్తి 1 అవుతుంది. రెండు డయాగొనళ్లు ఎదురుబొదురు గుర్తులతో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. జారుడు మొత్తం 9.33 s, సాగుడు 1.5 మి.మీ. అదే s = 1.08 పెడితే 11.6 మి.మీ. రావాలి. పొద్దున లెవెల్ పెడితే ఒక పక్క 11, మరో పక్క 12 వచ్చాయి.

రెండో పరీక్ష బరువుతో. సాగుడు బరువు తీస్తే వెనక్కి వస్తుంది, జారుడు రాదు. మిల్లులో బియ్యం బస్తాలకు కరువేముంది. ఒక్కో ట్రస్సు ఒక్కో కింది జాయింటు దగ్గర 50 కిలోల బస్తాలు 18 పెట్టించాను. అది దాదాపు ఇంకో 9 కిలోన్యూటన్లు, కాబట్టి సాగుడు ఇంకో 2 మి.మీ. ఉండాలి. లెవెల్‌కు మిల్లీమీటరు అటూ ఇటూ తేడా వస్తుంది కాబట్టి, కింద పరంజా కట్టి నడిమి జాయింటుకు డయల్ గేజ్ ఆనించాం. హమాలీలు బస్తాలు పెట్టాక 4 మి.మీ. దిగింది. దించేశాక 2 మాత్రమే వెనక్కి వచ్చింది, 2 అక్కడే ఉండిపోయింది. రెండోసారి అదే బరువు పెడితే 2 దిగి 2 పైకి వచ్చింది.

యజమాని అడిగిన ప్రశ్నకు జవాబు ఈ రెండోసారి రీడింగులో ఉంది. మెంబర్లు లెక్క ప్రకారమే పనిచేస్తున్నాయి, ట్రస్సు బలహీనం కాదు. మొదటిసారి మిగిలిపోయిన 2 మి.మీ. జాయింట్లు ఇంకాస్త జరిగినందువల్ల. రెండో ట్రస్సుకు తెచ్చిన ఫ్లాట్లను వెనక్కి పంపమన్నాను.

ఏం చేశాం

మూడు దారులు చూశాను. రంధ్రాలు పెద్దవి చేసి 20 మి.మీ. బోల్టులు వేయవచ్చు, కానీ 50 మి.మీ. యాంగిల్ కాలులో అంచు దూరం చాలదు. హై స్ట్రెంగ్త్ ఫ్రిక్షన్ బోల్టులు మంచి దారే. అయితే గస్సెట్‌కూ యాంగిల్‌కూ మధ్య ముఖాల మీది పెయింటు పోవాలంటే జాయింట్లన్నీ విప్పాలి. మూడోది ట్రస్సును సరైన లెవెల్‌లో పట్టి ఉంచి జాయింట్లు వెల్డు చేయడం. అదే ఎంచుకున్నాను. ఒక్క షరతు పెట్టాను: బోల్టు, వెల్డు కలిసి మోస్తాయని లెక్క వేయకూడదు. బోల్టు జరిగి ఆనేలోపే బరువంతా వెల్డు మీద పడుతుంది. కాబట్టి మెంబరు పూర్తి ఫోర్సుకు వెల్డు ఒక్కటే సరిపోవాలి. వడ్లు, మనుషులతో కలిపి పూర్తి బరువు జాయింటుకు 18 కిలోన్యూటన్లు. పై కార్డులో ఫ్యాక్టర్ చేసిన ఫోర్సు 72. సైటులో వేసే 4 మి.మీ. ఫిల్లెట్ ఒక మిల్లీమీటరు పొడవుకు సుమారు 440 న్యూటన్లు తీసుకుంటుంది. 165 మి.మీ. పొడవు చాలు, రెండు యాంగిళ్లకు కలిపి అది తేలిగ్గా దొరుకుతుంది.

జాకీలు ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించాల్సి వచ్చింది. నడిమి జాయింటు కింద ఒక్కటే పెట్టి ఎత్తుదామన్నాడు మేస్త్రీ. అలా జాకీ R కిలోన్యూటన్లతో ఎత్తితే మెంబరు ఫోర్సు N − R·n అవుతుంది, అది తిరగబడితేనే జారిన కొస వెనక్కి జరుగుతుంది. డయాగొనల్ R = 9 దగ్గరే తిరగబడుతుంది. చివరి ఏటవాలు, కింది కార్డు తిరగబడాలంటే R = 27 కావాలి, అప్పటికి ట్రస్సు సపోర్టుల మీద నుంచే లేచిపోతుంది. కాబట్టి మూడు కింది జాయింట్ల కిందా స్క్రూ జాకీలు పెట్టించాను. హైడ్రాలిక్ జాకీ రాత్రికి కొంత దిగుతుంది, వెల్డు చల్లారేదాకా దాన్ని నమ్మలేం.

పూర్తి బరువుకు వచ్చే సాగుడు మధ్యలో 4, పావు దగ్గర 3. అందుకని లెవెల్ గీత కన్నా నడిమి జాయింటును 4 మి.మీ. పైకి, పావు జాయింట్లను 3 పైకి పట్టాలనుకున్నాం. అప్పటికి మధ్యలో 17 కుంగి ఉంది. 21 ఎత్తాలి. అందులో 2 సాగుడు తీరినందువల్ల వస్తుంది. మిగతా 19ని 12తో భాగిస్తే ఒక్కో కొస సగటున 1.6 మి.మీ. వెనక్కి జరగాలి. వదులు 2 ఉంది కాబట్టి వీలవుతుంది. ఈ భాగహారంలో 2 కన్నా ఎక్కువ వచ్చి ఉంటే రంధ్రాలు రీమ్ చేయక తప్పేది కాదు. బోల్టులు విప్పకుండా సడలించి, మూడు జాకీలనూ కొద్దికొద్దిగా కలిపి ఎత్తి, లెవెల్ కుదిరాక బిగించి, పెయింటు గ్రైండ్ చేసి వెల్డు వేశారు. నిలువులను కూడా వదల్లేదు.

జాకీలు తీశాక మధ్యలో 2 దిగింది. మళ్లీ అదే బస్తాల పరీక్ష చేస్తే మొదటిసారే 2 దిగి, దించాక 2 తిరిగి వచ్చింది. ఏమీ మిగల్లేదు.

తరువాతి డ్రాయింగుల్లో మార్చుకున్నవి

బోల్టు ట్రస్సులకు ఇప్పుడు పట్టిక చివర ఇంకో గడి పెడుతున్నాను: జరిగే వీలున్న కొసల సంఖ్యను |n| తో గుణించినది. కొన్ని జాయింట్లకే ఫ్రిక్షన్ బోల్టులు పెట్టే డబ్బు ఉంటే వాటిని ఫోర్సును బట్టి కాకుండా ఈ గడిని బట్టి ఎంచుతాను. ఈ ట్రస్సులో పై కార్డు ఒక్క కొస 1.33 వంతు తింటే కింది కార్డు కొస 0.67 మాత్రమే తింటుంది. పై కార్డును మధ్యలో బోల్టుతో అతికి ఉంటే ఇంకో రెండు కొసలు చేరి 12.0 కాస్తా 14.7 అయ్యేది. అతుకు తప్పదంటే అది కింది కార్డులో ఉండాలి.

ఒక పరిమితి చెప్పాలి. s అన్ని కొసలకూ ఒకటే అనుకోవడం సౌకర్యం కోసమే. నిజంగా ఒక జాయింటు రెండు మిల్లీమీటర్లూ జరిగి, పక్కది అసలు కదలకపోయి ఉండవచ్చు. ఈ కేసులో పావు జాయింటు రీడింగులు కుదిరాయి కాబట్టి సగటు సరిపోయింది. అవి కుదరకపోయి ఉంటే ఎక్కువ n ఉన్న కొసల నుంచి మొదలుపెట్టి, ఒక్కో బోల్టు విప్పి రంధ్రంలో ఏ పక్క ఆని ఉందో చూడాల్సి వచ్చేది.